నలుగురు తినే కూరలో నూనెని మనిషికి ఎన్ని టీ స్పూన్లని లెక్కేయాలి?

సర్జాపుర సుధ
బెంగళూరులో సర్జాపుర రోడ్డు వైపు ఉంటాం. ఇంట్లో నలుగురం: నేను, మావారు, అత్తయ్యగారు, ఏడో తరగతి చదివే బాబు. బరువు తగ్గాలని అన్నం కప్పుతో కొలుచుకుని, చపాతీలు లెక్కపెట్టుకుని తింటున్నాను. తిన్నవన్నీ ఫోన్ యాప్‌లో రాస్తున్నాను. యాప్ ప్రకారం రోజుకి 1500 కేలరీలు దాటడం లేదు, కానీ బరువు కదలడం లేదు. థైరాయిడ్ పరీక్ష నార్మల్ వచ్చింది.

నా అనుమానమంతా నూనె మీదే. వంట అత్తయ్యగారు చేస్తారు, చాలా బాగా చేస్తారు కూడా. నూనె డబ్బా వంచి కంటి అంచనాతో పోస్తారు. యాప్‌లో "బెండకాయ వేపుడు, ఒక కప్పు" అని పెడితే ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకె వెనక ఎంత నూనె వేసుకున్నారో నాకు తెలియదు. మనిషికి ఇన్ని టీ స్పూన్లు అని కొలవమంటున్నారు. ఒకే మూకుట్లో నలుగురికీ వండేటప్పుడు అదెలా కుదురుతుంది? ఎవరైనా ఇంట్లో చేసి చూశారా?

మడివాళ చైతన్య
అక్కా, రోజంతటికీ ఒక్క టీ స్పూన్ నూనెతో బతకమంటే ఎలా? తాలింపులో ఆవాలు కూడా చిటపటమనవు. అలాంటి డైట్ రెండు వారాలు కూడా నిలబడదు. దాని బదులు రాత్రి అన్నం మానేయండి. నేను అలాగే తగ్గాను.

సర్జాపుర సుధ
రోజంతటికీ ఒక స్పూన్ అని కాదు చైతన్యా. ఒక్కో వంటకంలో ఒక్కో మనిషి వాటాకి ఎంత పడిందో తెలుసుకోవాలన్నది నా ప్రశ్న. తగ్గించాలో వద్దో ఆ లెక్క తేలాక చూసుకుంటాను.

వేలచేరి విజయ
సుధగారూ, నేను చెన్నైలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. అన్నం కొలిచి నూనె వదిలేసేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. ఎందుకంటే అన్నం కంచంలో కనబడుతుంది, నూనె కూరలో కలిసిపోతుంది.

ముందు స్పూన్ సంగతి చూడండి. టీ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు. అందులో పట్టే నూనె నాలుగున్నర గ్రాములు, దాదాపు 40 కేలరీలు. కానీ మన ఇళ్లలో టీ స్పూన్ అనేది ఏదో ఒక చిన్న చెంచా. కొన్నిటిలో మూడు మిల్లీలీటర్లే పడతాయి, కొన్నిటిలో ఏడు. దగ్గు సిరప్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ మూతలో 5 గీత దాకా నీళ్లు పోసి, మీ చెంచాలోకి వంచి చూడండి. సరిగ్గా నిండితే అదే మీ కొలత చెంచా. దాన్ని నూనె డబ్బా పక్కనే ఉంచండి, మిగతావాటితో కలపకండి.

ఇక మీ అసలు ప్రశ్న. అత్తయ్యగారు పోసే పద్ధతిని ఇప్పుడే మార్చకండి. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి ఉంటే చాలు. పొయ్యి వెలిగించే ముందు నూనె డబ్బాని మూతతో సహా తూచి రాసుకోండి. ఆ వంటకం దిగాక మళ్లీ తూచండి. తేడా ఎంతో అంత నూనె మూకుట్లోకి వెళ్లింది. వాటాలు ఎవరెంత వడ్డించుకున్నారో దాన్ని బట్టి పంచాలి. నలుగురూ సమానంగా తింటే నాలుగో వంతు. మీరు ఎక్కువ వేసుకుంటే మీ వాటా ఎక్కువ. కూర మొత్తం బరువు, మీ కంచంలో పడిన కూర బరువు తూస్తే ఇంకా సరిగ్గా వస్తుంది.

గ్రాములని 9తో గుణిస్తే కేలరీలు. నాలుగున్నరతో భాగిస్తే టీ స్పూన్లు. రెండు మూడు రకాల వంటలకి ఇలా చూశాక చెప్పండి.

కోరమంగళ కిరణ్
విజయగారు చెప్పింది బాగుంది కానీ అన్ని నూనెలకీ 9 అనడం సరికాదేమో. మా ఇంట్లో ఇంతకు ముందు వాడిన పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ మీద 100కి 900 కేలరీలు అని ఉండేది. ఇప్పుడు వాడేదాని మీద 100కి 820 చిల్లర ఉంది. అంటే కంపెనీ మారిస్తేనే ఎనిమిది, తొమ్మిది శాతం తగ్గుతోంది. స్పూన్లు కొలిచే శ్రమ లేకుండానే.

వేలచేరి విజయ
కిరణ్ గారూ, రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి ఆ 100 తర్వాత ఏముందో చూడండి. ఒకదాని మీద 100 గ్రాములు అనీ, రెండోదాని మీద 100 మిల్లీలీటర్లు అనీ ఉంటుంది. నూనె నీళ్లకంటే తేలిక. లీటరు ప్యాకెట్ మీద 910 గ్రాములు అని రాసి ఉండటం చూసే ఉంటారు. కాబట్టి 100 మిల్లీలీటర్లంటే 91 గ్రాములే, కేలరీలు కూడా ఆ మేరకే తక్కువ కనబడతాయి. నూనె అంతా కొవ్వే, అందులో నీళ్లు గానీ పీచు గానీ ఉండవు. అందుకే పల్లీ నూనైనా, నువ్వుల నూనైనా, ఆలివ్ నూనైనా గ్రాముకి 9 దగ్గరే ఉంటుంది. "లైట్" అని పేరు పెట్టినా రంగో వాసనో తేలిక కావచ్చు, కేలరీలు కావు.

కోరమంగళ కిరణ్
చూశాను. మీరన్నట్టే కొత్తదాని మీద మిల్లీలీటర్లు అని ఉంది. ఇంత చిన్న అక్షరాలతో వేస్తే ఎవరు చూస్తారండీ.

గానుగ నూనె శ్రీనివాస్
అందరూ రిఫైన్డ్ నూనెల గురించే మాట్లాడుతున్నారు. కట్టె గానుగలో ఆడించిన వేరుశెనగ నూనె చిక్కగా ఉంటుంది, వాసన ఉంటుంది, సగం పోసినా కూర రుచిగా వస్తుంది. మా ఇంట్లో గానుగ నూనెకి మారాక నెల వాడకం బాగా తగ్గింది. దానికి కేలరీలు తక్కువని మాకు అమ్మినాయన కూడా చెప్పారు.

వేలచేరి విజయ
శ్రీనివాస్ గారూ, మీ మాటలో సగం నిజం, అది పనికొచ్చే నిజం. వాసన గట్టిగా ఉన్న నూనె తక్కువ పోసినా రుచి తెలుస్తుంది. మీ ఇంట్లో వాడకం తగ్గింది కాబట్టి కేలరీలూ తగ్గాయి. అంతేగానీ చెంచాకి చెంచా పోలిస్తే గానుగ నూనెకీ అదే 40. "మంచి నూనె కదా" అని ఎక్కువ పోస్తే ఆ లాభం పోతుంది. నూనె రకం గుండెకి సంబంధించిన చర్చలో ముఖ్యం, కేలరీల లెక్కలో మాత్రం తేడా చేయదు.

గానుగ నూనె శ్రీనివాస్
కేలరీల మాట ఒప్పుకుంటాను. కానీ మా నాన్నగారి తరం వాళ్లు ఈ నూనే తిని ఎనభై ఏళ్లు ఆరోగ్యంగా ఉన్నారు. చెంచాలు కొలవలేదు.

సర్జాపుర సుధ
విజయగారూ, తూచాను. అత్తయ్యగారికి ముందే చెప్పాను, ఆవిడ కూడా ఆసక్తిగా చూశారు.

అరకిలో బెండకాయల వేపుడు. డబ్బా ముందు 742 గ్రాములు, తర్వాత 690. అంటే 52 గ్రాముల నూనె. నలుగురం ఇంచుమించు సమానంగా తిన్నాం కాబట్టి తలా 13 గ్రాములు, దాదాపు మూడు టీ స్పూన్లు. నా వాటా బెండకాయలో నూనె ఒక్కటే 117 కేలరీలు.

అదే రోజు మిగతావి కూడా చూశాను. పొద్దున్న మూడు దోసెలు తిన్నాను. అట్టు చుట్టూ, పైన కలిపి ఒక్కోదానికి ఒక టీ స్పూన్ పడుతోంది. అంటే 13 గ్రాములు దాటింది. పప్పు, చట్నీ, చారు తాలింపులు మూడూ కలిపి నా వాటాకి నాలుగు గ్రాములే వచ్చాయి. రాత్రి మూడు చపాతీలకి ఏడు, టమాటా కూరలో ఆరు. మొత్తం 44 గ్రాముల దగ్గర తేలింది. దాదాపు 400 కేలరీలు. యాప్‌లో నేను నూనె అని విడిగా ఒక్కసారి కూడా రాయలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించింది తాలింపు. అందులోనే నూనె ఎక్కువ పోతోందనుకుని పప్పుకి పోపు మానేద్దామనుకున్నాను.

వేలచేరి విజయ
పోపు మానకండి. రెండు చెంచాల పోపు నలుగురి పప్పులోకి వెళ్తుంది, తలా అర చెంచా. వాసనంతా అక్కడే వస్తుంది. మీ 44లో 26 గ్రాములు దోసెలూ వేపుడూ కలిసి తెచ్చాయి. చూడాల్సింది అక్కడ.

పోల్చుకోవడానికి ఒక అంకె చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి చూపిన నమూనా పళ్లెంలో నూనె, నెయ్యి లాంటివి కలిపి 27 గ్రాములు. అంటే ఆరు టీ స్పూన్లు. మీరు 1500 అనుకుంటున్నారు కాబట్టి మీ వాటా ఇంకొంచెం తక్కువే ఉండాలి. ఒక్క రోజు లెక్కతో తీర్మానం చేయకండి. వేపుడు లేని రోజు కూడా తూచి చూడండి.

ఇంకొక మాట. నెలకి ఎన్ని లీటర్లు కొంటున్నారో చూస్తే ఇంటి సగటు ఇట్టే తెలుస్తుంది. నలుగురు పెద్దవాళ్లు నెలకి నాలుగు లీటర్లు వాడితే 3640 గ్రాములు, రోజుకి తలా 30 గ్రాములు. వేయించి పారబోసిన నూనె ఇందులోంచి తీసేయాలి, బయట తిన్నది కలుపుకోవాలి. ఎవరెంత తిన్నారో ఈ లెక్క చెప్పదు కానీ, రోజువారీ తూకం ఎక్కడైనా తప్పుతోందేమో పట్టిస్తుంది.

టి.నగర్ కేటరింగ్ రమణ
నేను చెన్నైలో పెళ్లిళ్లకి వంటలు చేయిస్తుంటాను. సుధమ్మా, అరకిలో బెండకాయకి 52 గ్రాములు ఏమీ ఎక్కువ కాదు, మామూలు ఇంటి వేపుడుకి అంతే పడుతుంది. తగ్గించాలంటే నూనెకంటే ముందు బెండకాయ తడి సంగతి చూడాలి.

కాయలు కడిగి గుడ్డతో పూర్తిగా తుడిచి, ముక్కలు కోసి ఫ్యాను కింద ఓ అరగంట పరచండి. వెడల్పు ఇనప మూకుడు బాగా కాలాక ముక్కలు ఒకటే పొరగా వేసి, నూనె లేకుండా, మూత పెట్టకుండా వేడి చేయండి. జిగురు తీగలు ఆగేదాకా అట్లకాడతో తిప్పండి. ఉప్పు ఇప్పుడు వద్దు, వేస్తే నీరు ఊరుతుంది. ముక్క అంచులు ముడుచుకున్నాక పక్కకి తీసి, అదే మూకుట్లో ఆరు టీ స్పూన్ల నూనె పోసి పోపు వేసి, ముక్కలు తిరిగి వేయండి. ఉప్పు, కారం దించే ముందు. ముందే నూనె పోస్తే జిగురు పోయేదాకా అడుగంటుతుంటుంది, అడుగంటుతుంటే ఇంకో చుట్టు పోస్తాం. మీ 52 అలాగే వచ్చి ఉంటుంది.

సర్జాపుర సుధ
రమణగారూ, ఇది తప్పకుండా చేస్తాం. ఇంకో ప్రశ్న. పూరీలు, గారెలు వేసినప్పుడు లెక్క ఎలా? మూకుడు నిండా నూనె పోస్తాం, చాలా భాగం మిగిలిపోతుంది.

టి.నగర్ కేటరింగ్ రమణ
నూనెనే ముందూ వెనకా తూచాలి. పూరీ తూచితే లాభం లేదు, వేగేటప్పుడు అందులోంచి నీరు ఆవిరై పోతుంది, లెక్క కలవదు. మా దగ్గర ఒకసారి చిన్న మూకుట్లో కిలో నూనెతో 24 పూరీలు వేయించి, చల్లారాక వడకట్టి తూస్తే 880 వచ్చింది. పూరీకి 5 గ్రాములు, అంటే టీ స్పూన్ కంటే కాస్త ఎక్కువ. చిల్లుల గరిటెకీ కాగితానికీ అంటుకున్నది తీస్తే కొంచెం తగ్గుతుంది. ఇది మా పిండికి, మా మంటకి వచ్చిన లెక్క. పిండి పలచనైనా, నూనె సరిగ్గా కాగకపోయినా మీకు ఎక్కువే రావచ్చు. బజ్జీ పిండిలో వంటసోడా ఎక్కువైతే స్పాంజిలా పీల్చేస్తుంది, చేత్తో నొక్కితే తెలుస్తుంది.

ఇంకొకటి. నూనె ఎక్కువగా లోపలికి పోయేది మూకుట్లో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. వేగేటప్పుడు లోపలి ఆవిరి బయటికి తోస్తూ ఉంటుంది. తీసి చల్లారుతుంటే ఆవిరి తగ్గి, పైన అంటుకున్న నూనెని లోపలికి లాక్కుంటుంది. అందుకే తీసిన వెంటనే మూకుడు మీదే గరిటె రెండు సార్లు దులిపి, నిలువుగా నిలబెట్టాలి. గిన్నెలో ఒకదాని మీద ఒకటి వేస్తే కిందివి పైవాటి నూనె కూడా తాగుతాయి.

పెరంబూరు పద్మ
మా అమ్మ గురించి అడగాలి. ఆవిడకి 74 ఏళ్లు, 41 కిలోలు. ఆకలి లేదు, నాలుగు ముద్దలు తిని లేచిపోతుంది. నేను ఇదంతా చదివి ఇంట్లో అందరికీ నూనె తగ్గించేశాను, అమ్మకి కూడా. అది మంచిదేనా?

వేలచేరి విజయ
పద్మగారూ, అమ్మగారికి తగ్గించకండి. ఆవిడ తినేది నాలుగు ముద్దలైతే, ఆ నాలుగు ముద్దల్లోనే ఎక్కువ శక్తి ఉండాలి. పప్పన్నంలో ఒక టీ స్పూన్ నెయ్యి కలిపితే పరిమాణం పెరగకుండా 40 కేలరీలు పెరుగుతాయి. కొలత చెంచా ఆవిడకి కలపడానికి వాడండి. కూర అందరికీ తక్కువ నూనెతో వండి, ఆవిడ కంచంలో పైన వేయండి. ఆకలి తగ్గడానికి కారణం ఏమిటో మాత్రం డాక్టరు చూడాలి, అది నెయ్యితో తీరదు.

పెరంబూరు పద్మ
సంతోషం అండీ. డాక్టరు అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకుంటాను.

మడివాళ చైతన్య
మరి పీజీలో ఉండేవాళ్లం ఏం తూచాలి? మాకు డబ్బా కనబడదు. కూర మీద ఎర్రగా తేలుతున్న నూనె మాత్రమే కనబడుతుంది.

వేలచేరి విజయ
సరిగ్గా కొలవడం అక్కడ కుదరదు. తేలే నూనెని పట్టించుకోవచ్చు. గుంటగరిటెని గిన్నె అడుగు నుంచి కాకుండా పైపైన ముంచితే నూనె ఎక్కువ వస్తుంది. గరిటెని కాస్త పక్కకి వంచి, పైన చేరిన నూనెని గిన్నెలోకే జారనిచ్చి ముక్కలు వడ్డించుకోండి. కంచంలో మిగిలిపోయిన నూనె మీరు తిననిదే కాబట్టి లెక్కలో ఉండదు. వేపుడు, ఫ్రైడ్ రైస్ విషయంలో ఇది పనిచేయదు, నూనె ముక్కకీ మెతుకుకీ పట్టేసి ఉంటుంది. వాటికి యాప్ చూపించే అంకె కంటే రెండు టీ స్పూన్లు ఎక్కువ వేసుకోమని నేను చెబుతుంటాను. అది అంచనాయే.

సర్జాపుర సుధ
రమణగారు చెప్పినట్టు నిన్న బెండకాయ చేశాం. డబ్బా తూకంలో తేడా 28 గ్రాములు. తలా ఏడు. ముక్క కరకరలాడింది, బాబు రెండోసారి వడ్డించుకున్నాడు. దోసెలకి అత్తయ్యగారే ఒక ఉపాయం చేశారు. సగం కోసిన ఉల్లిపాయకి ఫోర్కు గుచ్చి, నూనెలో అద్ది పెనం రుద్దుతున్నారు. మూడు దోసెలకి కలిపి ఒక టీ స్పూన్ కూడా పట్టలేదు. అంచు మాత్రం మునుపటంత ఎర్రగా రావడం లేదు. మావారికి అది నచ్చలేదు, ఆయన దోసెకి పక్కన విడిగా వేస్తున్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి నెయ్యి. ఈ చలికి బెంగళూరులో గడ్డకట్టేస్తుంది. చెంచాతో తీస్తే కుప్పగా వస్తుంది. రెండోది గుత్తి వంకాయ. వంకాయ ఎంత పోసినా తాగేస్తుంది.

వేలచేరి విజయ
నెయ్యి కుప్పగా తీస్తే ఒక చెంచాలో రెండు చెంచాలుండొచ్చు. కరిగించి కొలవండి, లేదా చెంచా అంచుకి కత్తితో చదును చేయండి. గుత్తి వంకాయలో మాత్రం పోసిన నూనె ఒక్కటే చూస్తే సరిపోదు. కూరే మసాలాలో పల్లీలు, నువ్వులు ఉంటాయి కదా, వాటి బరువులో దాదాపు సగం నూనే. డబ్బా తూకంలో అది పట్టుబడదు. పల్లీలు, నువ్వులు ఎంత వేశారో విడిగా తూచి రాసుకోవాలి.

టి.నగర్ కేటరింగ్ రమణ
వంకాయ లోపలంతా గాలి గదులు. వాటిలోకి నూనె పోతుంది. ముందు ఇడ్లీ పాత్రలో ఐదారు నిమిషాలు ఆవిరి పట్టిస్తే ఆ గదులు కూలిపోతాయి, తర్వాత నూనె తక్కువ తాగుతుంది. కాకపోతే మరీ మెత్తబడితే కూరేటప్పుడు చిరుగుతాయి. లేత కాయలకి ఇంకా తక్కువ సమయం చాలు.

గానుగ నూనె శ్రీనివాస్
ఆవిరి పట్టిన వంకాయకి నూనెలో మగ్గిన వంకాయ రుచి రాదు రమణగారూ. కావాలంటే నెలకి ఒక్కసారే చేసుకుంటాం, కానీ చేసినప్పుడు సరిగ్గా చేసుకోవాలి.

టి.నగర్ కేటరింగ్ రమణ
రుచిలో తేడా ఉన్న మాట నిజమే, శ్రీనివాస్ గారూ. పెళ్లి వంటలో నేనూ నూనెలోనే మగ్గిస్తాను. సుధమ్మ అడిగింది ఇంట్లో వారం వారం చేసుకునేదానికని చెప్పాను.

కోరమంగళ కిరణ్
ఆవకాయ మీద తేలే నూనె ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అన్నంలో ముక్కతో పాటు ఆ నూనె కూడా వేసుకుంటాం. దాన్ని ఎలా లెక్కేస్తారు?

సర్జాపుర సుధ
మా ఇంట్లో కూడా అంతే. ఈసారి ఊట, ముక్క విడివిడిగా చెంచాతో తీసి తూస్తాను. అందులో ఆవపిండి, కారం కలిసి ఉంటాయి కాబట్టి చెంచా మొత్తం నూనె అని లెక్కేయాలో లేదో విజయగారే చెప్పాలి.